రాళ్లూ మారతాయి: క్రేయాన్ తురుముతో శిలాచక్రం
7వ తరగతి, సామాన్యశాస్త్రం. రెండు పీరియడ్లు. 32 మంది, నలుగురు చొప్పున 8 జట్లు.

మీ ఇంటి గడప దగ్గరో, వంటగట్టు మీదో నల్లని కడప బండ ఉండే ఉంటుంది. దాని మీద నిమ్మరసం పడి కాసేపు ఉంటే అక్కడ నునుపు పోయి తెల్లని మచ్చ పడుతుంది. పక్కనే ఉన్న గ్రానైట్ గట్టుకు అలా జరగదు. రెండూ రాళ్లే, రెండింటికీ మెరుగు పెట్టారు. తేడా అవి పుట్టిన తీరులో ఉంది. కడప బండ సున్నపురాయి. సముద్రం అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే వచ్చింది. అందుకే ఆమ్లం తగిలితే కరుగుతుంది. గ్రానైట్ భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం నెమ్మదిగా చల్లారితే ఏర్పడింది.

రాయిని చూడగానే అడగాల్సిన ప్రశ్న "దీని పేరేంటి?" అన్నది కాదు, "దీనికి ఏం జరిగింది?" అన్నది. ఆ జవాబును బట్టే మూడు కుటుంబాలు ఏర్పడ్డాయి.

అగ్నిశిలలు

కరిగిన పదార్థం చల్లారి గట్టిపడితే అగ్నిశిల. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే బండరాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్. విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి చూడండి. గులాబీ లేదా తెలుపు గింజలు, గాజులా ఉండే బూడిదరంగు గింజలు, మెరిసే నల్ల రేకులు విడివిడిగా కనిపిస్తాయి. అవే ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, అభ్రకం. భూమి లోతుల్లో లక్షల ఏళ్లు తీసుకుని చల్లారింది కాబట్టి గింజలు అంత పెద్దగా పెరిగాయి.

వికారాబాద్ వైపు వెళ్తే నల్లని బసాల్ట్ కనిపిస్తుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట నేల మీదికి పొంగి పారిన లావా అది. బయట గాలికి త్వరగా చల్లారింది. గింజలు పెరిగే వ్యవధి దొరకలేదు, అందుకే కంటికి ఆనవు. గింజ పెద్దదైతే నెమ్మదిగా చల్లారింది, సన్నదైతే త్వరగా చల్లారింది. ఈ ఒక్క గుర్తుతో చాలా అగ్నిశిలల కథ చెప్పేయవచ్చు.

అవక్షేప శిలలు

ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, వాననీటికి నాని, చెట్ల వేళ్లు దూరి, ఎంత గట్టి బండైనా పెచ్చులూడుతుంది. ఇది శిలాశైథిల్యం. ఊడిన ముక్కలను నీరో గాలో మోసుకుపోవడం క్రమక్షయం. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. రాయి ఉన్నచోటే పగిలితే మొదటిది, ముక్క అక్కడి నుంచి కదిలితే రెండోది.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి, దారిలోని రాళ్ల పొడిని మోసుకొచ్చి కోనసీమలో పరుస్తుంది. అడుగు పొరల మీద పై పొరల బరువు పడుతుంది, నీరు బయటికి పోతుంది, నీటిలో కరిగి ఉన్న సున్నమో సిలికానో రేణువుల మధ్య చేరి వాటిని సిమెంటులా అతికిస్తుంది. ఇసుక అయితే ఇసుకరాయి, బంకమన్ను అయితే షేల్ అవుతుంది.

రూపాంతర శిలలు

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే, కాస్త ఆగి చదవండి. వేడికీ ఒత్తిడికీ రాయి కరగకుండానే మారితే అది రూపాంతర శిల. కరిగిందా, అది శిలాద్రవమే. మళ్లీ చల్లారితే అగ్నిశిల అవుతుంది తప్ప రూపాంతర శిల కాదు. మీరు ఈరోజు చేసే కృత్యమంతా ఈ గీత ఎక్కడుందో పట్టుకోవడానికే.

భూమి లోపలికి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. అలా లోతుకు కూరుకుపోయిన షేల్ ఒత్తిడికి పలకరాయిగా మారుతుంది. మార్కాపురం పలకలు అవే. అమ్మమ్మ తాతయ్యలు అక్షరాలు దిద్దుకున్న పలక ఒకప్పటి బురద అన్నమాట! సున్నపురాయి మారితే పాలరాయి, ఇసుకరాయి మారితే క్వార్ట్జైట్. విశాఖపట్నం కొండల్లోని ఖోండలైట్‌ది ఇంకా పెద్ద ప్రయాణం. అదీ ఒకప్పటి బంకమట్టి పొరలే. చాలా లోతులో విపరీతమైన వేడికి మారి, అందులో ఎర్రని గార్నెట్ గింజలు కొత్తగా పుట్టాయి.

కృత్యం: ఒక్కో జట్టుకు కావలసినవి

నాలుగు రంగుల మైనపు క్రేయాన్లు, ఒక్కో రంగువి రెండు. రెండు ప్లాస్టిక్ షార్ప్‌నర్లు. 20 సెంటీమీటర్ల చదరపు అల్యూమినియం ఫాయిల్ ముక్కలు నాలుగు. పాత దినపత్రిక, గట్టి అట్ట పుస్తకం, వెడల్పాటి స్టీలు గిన్నె, పట్టకారు, పాత గుడ్డ. ఉపాధ్యాయుల బల్ల మీద ఫ్లాస్కులో మరిగిన నీళ్లు.

కొనేటప్పుడే ఒక జాగ్రత్త. అంగట్లో "ప్లాస్టిక్ క్రేయాన్లు" అని దొరికేవి వేడినీళ్లకు కరగవు. ఆయిల్ పాస్టెల్స్ షార్ప్‌నర్‌లో పెట్టగానే ముద్దయిపోతాయి. మామూలు మైనపు క్రేయాన్లే కావాలి. అవి రకాన్ని బట్టి సుమారు 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతాయి. అనుమానం ఉంటే చిటికెడు తురుమును స్టీలు గరిటెలో వేసి, మరిగిన నీళ్లకు ఆనించి పట్టుకుని ముందురోజే చూసుకోండి.

1. శైథిల్యం. క్రేయాన్ల కాగితపు తొడుగు పూర్తిగా ఒలిచేయండి. కాగితం ముక్క తురుములో కలిస్తే తర్వాత అక్కడ అతుకు విడిపోతుంది. ఒక్కో రంగు ఒకటిన్నర టేబుల్ స్పూన్ వచ్చేదాకా చెక్కి, దినపత్రిక మీద వేరువేరు కుప్పలుగా పెట్టండి. షార్ప్‌నర్ బిగుసుకుపోతే చీపురుపుల్లతో మైనం తీయండి, వేలు పెట్టకండి. ఇదే మీ ఇసుక, మీ ఒండ్రు.

2. అవక్షేప శిల. రెండు ఫాయిల్ ముక్కలను ఒకదానిపై ఒకటి పరిచి, మధ్యలో అరచేతి కంటే చిన్న చోటులో ఒక రంగు తురుము పరవండి. దానిపై రెండోది, మూడోది, నాలుగోది. కలపకూడదు. ఫాయిల్‌ను పొట్లంలా మడిచి, పుస్తకం కింద పెట్టి, ఒకరు రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా 30 సెకన్లు మోపండి. విప్పి చూస్తే పొరలున్న బిళ్ల కనిపిస్తుంది. అంచులు రాలుతుంటాయి, రాలనివ్వండి. మెత్తని ఇసుకరాయిని గోటితో గీకినా ఇలాగే రేణువులు రాలతాయి. మూడో వంతు విరిచి "అ" అని చీటీ పెట్టి దాచండి.

3. రూపాంతర శిల. మిగిలిన బిళ్లను మళ్లీ ఫాయిల్‌లో మడవండి, మడత కొసలు పైకి ఉండాలి. గిన్నెలో ఒక గ్లాసు మరిగిన నీళ్లకు రెండు గ్లాసుల కుళాయి నీళ్లు కలిపితే సుమారు 50 డిగ్రీలు వస్తుంది. మరిగిన నీళ్లు ఉపాధ్యాయులే పోస్తారు. పొట్లాన్ని నీటిపై 30 నుంచి 40 సెకన్లు తేలించండి. పట్టకారుతో తీసి, గుడ్డ మీద పెట్టి, వెంటనే పుస్తకంతో 20 సెకన్లు గట్టిగా నొక్కండి. చల్లారాక విప్పండి. బిళ్ల పలచబడి, పొరలు వంకర తిరిగి ఉంటాయి. అంచులు ఇప్పుడు రాలవు. రంగులు మాత్రం వేటికవే కనిపించాలి. ఇందులో సగం "రూ" అని దాచండి.

4. అగ్నిశిల. ఇంకో ఫాయిల్ జంటతో 3 సెంటీమీటర్ల ఎత్తు గోడలున్న దొన్నె చేసి, మిగిలిన ముక్క అందులో వేయండి. ఉపాధ్యాయులు గిన్నెలో సగం వరకు మరిగిన నీళ్లు పోశాక దొన్నెను తేలించండి. మామూలుగా 2 నుంచి 4 నిమిషాల్లో కరుగుతుంది. ఎవరూ కలియబెట్టవద్దు. పూర్తిగా ద్రవమయ్యాక పట్టకారుతో తీసి, కదపకుండా 10 నిమిషాలు వదిలేయండి. పొరల జాడ పోయిన నున్నని ముక్క వస్తుంది. "అగ్ని" అని చీటీ పెట్టండి.

5. మళ్లీ మొదటికి. "అగ్ని" ముక్కను కొంచెం చెక్కండి. "రూ" ముక్కనూ చెక్కండి. రెండూ తురుమే అయ్యాయి. ఏ రాయి అయినా ఏ రాయిగానైనా మారగలదు. ఇదే శిలాచక్రం. గడియారం ముల్లులా ఒకే వైపు తిరగాలన్న నియమం లేదు.

తేడా కొడితే

మూడో మెట్టులో రంగులు కలిసి గోధుమరంగు ముద్ద వస్తే, నీళ్లు మరీ వేడిగా ఉన్నాయి. మీరు చేసింది రూపాంతర శిల కాదు, అగ్నిశిల. పారేయకండి. "కరిగింది, గీత దాటింది" అని రాసి "అగ్ని" పక్కన పెట్టండి.

నొక్కినా తురుము అతుక్కోకపోతే ముక్కలు లావుగా చెక్కారు, లేదా పలచగా మరీ వెడల్పుగా పరిచారు. దొన్నెలో మైనం సగం కరిగి ఆగిపోతే నీళ్లు చల్లారిపోయాయి, మార్చమనండి. దొన్నెలోకి నీరు చేరితే ఫాయిల్‌కు గోటి చిల్లు పడి ఉంటుంది. హోటల్ పార్సిళ్ల పలచని ఫాయిల్‌తో ఇది మరీ ఎక్కువ, అందుకే రెండు పొరలు వాడమన్నది. ఏప్రిల్ ఎండల్లో తురుము చేతిలోనే ముద్దవుతుంది. ఈ పాఠం డిసెంబరు, జనవరిల్లో పెట్టుకుంటే సుఖం.

కరిగిన మైనం చర్మంపై పడితే గీకకుండా, ముందు చల్లని నీళ్ల కింద పట్టి ఉపాధ్యాయులకు చెప్పండి. మైనాన్ని సింకులో పోయకూడదు, గొట్టంలో గడ్డకడుతుంది.

క్రేయాన్ చెప్పని నిజాలు

నిజమైన ఇసుకరాయికి అతుకు సహజ సిమెంటు. ఇక్కడ మైనం తనకు తానే అంటుకుంది. నిజమైన రూపాంతరంలో గార్నెట్ లాంటి కొత్త ఖనిజాలు పుడతాయి. ఇక్కడ రంగులు అవే. గ్రానైట్‌లోని గింజలు మైనంలో కంటికి కనిపించవు. వేడి విషయానికొస్తే, మీ క్రేయాన్ 65 డిగ్రీలలోపే కరిగింది, బసాల్ట్ లావా బయటికి వచ్చేటప్పుడు సుమారు 1,100 నుంచి 1,200 డిగ్రీలు ఉంటుంది.

నోటుబుక్కులో రాయండి

1. "అ", "రూ", "అగ్ని" ముక్కలను పక్కపక్కన బొమ్మ గీసి, పొరలు, అంచులు, మెరుపు మూడూ పోల్చండి.
2. మూడో మెట్టులో నీళ్లు 50 డిగ్రీలకు బదులు 80 ఉండి ఉంటే ఏమయ్యేది? ఎందుకు?
3. గ్రానైట్ బండ శిలాద్రవం కాకుండానే ఇసుకరాయి అయ్యే దారి రాయండి.
4. ఇంటి దగ్గర దొరికిన ఒక రాయి తెచ్చి, అది ఏ కుటుంబమో ఒక్క ఆధారంతో చెప్పండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. "గింజలు విడివిడిగా కనిపిస్తున్నాయి, పొరలు లేవు" అన్నది మంచి ఆధారమే. "నల్లగా ఉంది" అన్నది చాలదు, ఎందుకంటే బసాల్టూ నలుపే, కడప బండా నలుపే.