మీరు సూచించినవారు ప్లాంటులో చేరి ఆరు నెలలు పనిచేస్తే మీకు రూ. 15,000 లేదా రూ. 6,000

ఈ పథకం 2026 ఆగస్టు 1 నుంచి అక్టోబరు 31 వరకు జడ్చర్ల ప్లాంటులోని పర్మనెంటు ఉద్యోగులందరికీ వర్తిస్తుంది.

ఏ ఉద్యోగానికి ఎంత?

క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ మీద కనీసం రెండేళ్లు పనిచేసిన ఎనలిస్టును సూచిస్తే రూ. 15,000 ఇస్తాం. ప్యాకింగ్ ఆపరేటర్, ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ఉద్యోగాలకైతే రూ. 6,000. క్యాంటీన్ గోడ మీది పాత పోస్టరులో "రూ. 15,000 వరకు" అని మాత్రమే రాయడంతో ప్యాకింగ్ హాలులో చాలామంది తమవారికీ అంతే వస్తుందనుకున్నారు. ఆ పొరపాటు హెచ్‌ఆర్ విభాగానిదే కాబట్టి దాన్ని తీసేసి ఇది పెట్టాం. దాన్ని చూసి ఇప్పటికే పేర్లు ఇచ్చినవారు మళ్లీ ఫారం నింపనక్కర్లేదు.

డబ్బు ఎప్పుడు వస్తుంది?

మొత్తంలో మూడో వంతు, చేరిన వ్యక్తి నెల పూర్తి చేసిన నెల జీతంతోనూ, మిగతాది ఆరు నెలలు పూర్తి చేసిన నెల జీతంతోనూ వస్తుంది. ఉదాహరణకు మీరు సూచించిన ఎనలిస్టు సెప్టెంబరు 10న చేరితే, అక్టోబరు జీతంతో రూ. 5,000, మార్చి జీతంతో రూ. 10,000 మీ ఖాతాలో పడతాయి. ఆయన జనవరిలో మానేస్తే రెండో భాగం రాదు గానీ, ఇచ్చిన రూ. 5,000 వెనక్కి అడగం. ఈ మొత్తం జీతం కిందికే వస్తుంది కాబట్టి పన్ను వర్తించేవారికి టీడీఎస్ పోగా మిగిలింది అందుతుంది.

ఎప్పుడు రాదు?

అభ్యర్థి గత ఆరు నెలల్లో తానే దరఖాస్తు చేసుకుని ఉంటే, లేదా ఇంతకుముందు ఇక్కడే పనిచేసి మానేసినవారైతే బహుమతి ఉండదు. ఒకే వ్యక్తిని ఇద్దరు సూచిస్తే రిజిస్టరులో ముందు నమోదైనవారికే దక్కుతుంది. హెచ్‌ఆర్ సిబ్బందికీ, ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే అధికారులకూ ఈ పథకం వర్తించదు.

ఎలా సూచించాలి?

ముందుగా అభ్యర్థిని అడిగి, ఫోన్ నంబరు ఇవ్వడానికి ఆయన లేదా ఆమె ఒప్పుకున్నాకే టైమాఫీసులో నీలం రంగు ఫారం తీసుకోండి. అందులో అభ్యర్థి పేరు, ఫోన్ నంబరు, సూచించే ఉద్యోగం, మీ టోకెన్ నంబరు రాసి, బయోడేటా జతచేసి అక్కడే ఇవ్వండి. తేదీ, సమయం వేసి ముద్ర కొట్టిన రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి, ఎందుకంటే ఎవరు ముందు ఇచ్చారన్న వివాదం వస్తే దాన్నే చూస్తాం. నోటిమాటగా సూపర్‌వైజరుకు చెప్పిన పేర్లు, వాట్సాప్‌లో పంపిన బయోడేటాలు లెక్కలోకి రావు. ఫారం ఇచ్చిన పది పనిదినాల్లో అభ్యర్థిని పిలిచామో లేదో మీకు తెలియజేస్తాం.

ఉద్యోగం ఇప్పిస్తామని అభ్యర్థుల దగ్గర ఎవరూ డబ్బు తీసుకోకూడదు. తీసుకున్నట్లు తేలితే బహుమతి రద్దవడమే కాక క్రమశిక్షణ చర్య కూడా ఉంటుంది.

రాత్రి షిఫ్టు దిగేవారు కూడా ఇంటికి వెళ్తూ ఫారం ఇచ్చేందుకు వీలుగా టైమాఫీసు కౌంటరును ఉదయం 5.30కే తెరుస్తాం.