మూడు వృత్తాలు, 150 మంది: వెన్ చిత్రంతో సర్వే లెక్క

సమస్య: "వార్తలు దేంట్లో చూస్తారు?" అని 150 మందికి ఫారం ఇచ్చారు. పేపర్, టీవీ, ఫోన్ అని మూడు గళ్లు. ఎన్నింటికైనా టిక్కు పెట్టొచ్చు, అసలు పెట్టకపోయినా ఫర్వాలేదు. పేపర్‌కు 72, టీవీకి 85, ఫోన్‌కు 90 టిక్కులు పడ్డాయి. పేపర్, టీవీ రెండింటికీ పెట్టినవాళ్లు 38 మంది. టీవీ, ఫోన్ రెండింటికీ 47. పేపర్, ఫోన్ రెండింటికీ 35. మూడింటికీ పెట్టినవాళ్లు 20. ఏ గడికీ టిక్కు పెట్టనివాళ్లెందరు? ఒక్కదానికే పెట్టినవాళ్లెందరు?

సాధన: పేపర్ సమితి P, టీవీ T, ఫోన్ F అనుకుందాం. ముందు కూడితే 72 + 85 + 90 = 247. ఉన్నదే 150 మంది. అంటే మనం లెక్కపెట్టింది టిక్కుల్ని, మనుషుల్ని కాదు.

ఇప్పుడు రెండు గళ్లకు టిక్కు పెట్టిన ఒక మనిషిని తీసుకోండి. 247లో ఆయన రెండుసార్లు పడ్డాడు. జంటల లెక్క (38 + 47 + 35 = 120) తీసేస్తే ఒకసారి పోతాడు, ఒకసారి మిగులుతాడు. సరిపోయింది. మూడింటికీ పెట్టినావిడ సంగతి వేరు. ఆవిడ 247లో మూడుసార్లు ఉంది, మూడు జంటల్లోనూ ఉంది. మూడుసార్లు చేర్చి మూడుసార్లు తీసేశాం, అంటే లెక్కలో ఆవిడ లేనే లేదు! అందుకే చివర్లో ఆ 20 మందినీ మళ్లీ కలుపుతాం. సూత్రంలో గుర్తులు ప్లస్, మైనస్, ప్లస్ అని మారడానికి కారణం ఇంతే. బట్టీ పట్టాల్సిన పని లేదు.

```
n(P∪T∪F) = n(P) + n(T) + n(F)
         − n(P∩T) − n(T∩F) − n(P∩F)
         + n(P∩T∩F)
         = 247 − 120 + 20 = 147
```

ఏ గడికీ టిక్కు పెట్టనివాళ్లు 150 − 147 = 3.

రెండో ప్రశ్నకు చిత్రం కావాలి. ఒక దీర్ఘచతురస్రం, అందులో ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా మూడు వృత్తాలు. నింపడం ఎప్పుడూ మధ్య నుంచే. మధ్యలో 20 వేయండి. పేపర్–టీవీ భాగంలో 38 కాదు, 38 − 20 = 18. అలాగే టీవీ–ఫోన్ 27, పేపర్–ఫోన్ 15. ఇక పేపర్ మాత్రమే: 72 − 18 − 15 − 20 = 19. టీవీ మాత్రమే 20, ఫోన్ మాత్రమే 28. గీతలు మీరు గీసుకోండి, అంకెలు కూర్చునే చోట్లు ఇవి:

```
+---------------------------+
|  P                     T  |
|     19      18      20    |
|                           |
|         15  20  27        |
|                           |
|             28            |
|             F           3 |
+---------------------------+
```

ఒక్కదానికే పెట్టినవాళ్లు 19 + 20 + 28 = 67. సరిచూసుకోవాలంటే మళ్లీ టిక్కులకే రండి: 67 మందివి ఒక్కొక్కటి, 60 మందివి రెండేసి, 20 మందివి మూడేసి. 67 + 120 + 60 = 247. కుదిరింది.

ఎక్కువమంది తడబడేది ఆ 38 దగ్గరే. "పేపర్, టీవీ రెండూ" అంటే ఆ రెండు మాత్రమేనా, లేక ఫోన్ కూడా ఉన్నవాళ్లు అందులో కలిశారా? మాత్రమే అనుకుని చూడండి: 72 − 38 − 35 − 20 = −21. మైనస్ 21 మంది పేపర్ చదవడం కుదరదు కాబట్టి 38లో ఆ 20 మందీ ఉన్నట్టే. అన్ని లెక్కల్లోనూ ఇలా మైనస్ వచ్చి కాపాడదు. అందుకే ప్రశ్నలో "మాత్రమే" అన్న మాట ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంకో సంగతి. టీవీ–ఫోన్ 47ను ఎవరో తిరగేసి 74 అని ఎక్కించారనుకోండి. సూత్రం ఏ అనుమానమూ లేకుండా 247 − 147 + 20 = 120 అంటుంది, టిక్కు పెట్టనివాళ్లు 30 అని తేలుతుంది. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. చిత్రం నింపితే మాత్రం టీవీ ఒక్కటే చూసేవాళ్లు 85 − 18 − 54 − 20 = −7 అని దొరికిపోతుంది. సూత్రంతో జవాబు వచ్చేసినా చిత్రం నింపమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అయితే చిత్రానికీ అన్నీ చిక్కవు. 35ను 53 అని రాస్తే పేపర్ మాత్రమే 1, ఫోన్ మాత్రమే 10. ఎక్కడా మైనస్ రాదు. టిక్కు పెట్టనివాళ్లు మాత్రం 21 అని వస్తారు. అప్పుడు ఫారాల కట్ట విప్పి, ఒక్క టిక్కూ లేనివి ఎన్నున్నాయో చేత్తో లెక్కపెట్టాలి. 21 ఉండాల్సిన చోట మూడే కనిపిస్తాయి.