తెలిసిన లెక్కల్లోనే మళ్లీ మళ్లీ తప్పులు: మాస్టారికి ఉత్తరం

విజయవాడ,
14 సెప్టెంబర్ 2025.

మాస్టారికి నమస్కారాలు.

మీరూ, అమ్మగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఈ రోజు ఔటింగ్‌కి నాన్నగారు వస్తున్నారు, ఆయన చేతికిచ్చి పంపుతాను. దీంతో పాటు ఈ మధ్య టెస్టుల్లో నేను లెక్కలు చేసిన రఫ్ కాగితాలు కూడా పెట్టాను. దయచేసి అవి కూడా చూడండి. నేను ఎంత వివరంగా రాసినా, ఆ కాగితాల్లో మీకు కనిపించేది నాకు కనిపించకపోవచ్చు.

విషయం ఏమిటంటే, ఫిజిక్స్‌లోనూ ఫిజికల్ కెమిస్ట్రీలోనూ కాలిక్యులేషన్ ఉన్న ప్రశ్నల్లో నాకు మార్కులు పోతున్నాయి. చాప్టర్ అర్థం కాక కాదండీ. ఏ ఫార్ములా వాడాలో తెలుస్తుంది, విలువలు వేసేదాకా సరిగ్గానే వెళ్తాను, ఆ తర్వాత మధ్యలో ఎక్కడో జారిపోతాను. కీ చూడగానే ఆ తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే నాకే తెలిసిపోతుంది. మళ్లీ వచ్చే టెస్టులో అదే రకం తప్పు చేస్తున్నాను. నీట్‌లో సరైన జవాబుకి 4 మార్కులు, తప్పు జవాబుకి మైనస్ 1 కదా. రాని ప్రశ్న వదిలేస్తే 4 పోతాయి, వచ్చిన లెక్కని తప్పు చేస్తే 5 పోయినట్టు. రాని వాటికంటే వచ్చిన వాటి దగ్గరే ఎక్కువ పోగొట్టుకుంటున్నానని చాలా బాధగా ఉంది.

ఇక్కడ లెక్చరర్లను అడిగాను. 'సిల్లీ మిస్టేక్స్, ప్రాక్టీస్ పెంచు, అవే పోతాయి' అన్నారు. వాళ్లను తప్పు పట్టడం లేదు, అంతమందిలో ఒక్కొక్కరి కాగితం చూసే తీరిక వాళ్లకి ఉండదు. స్టడీ అవర్స్‌లో లెక్కలు ఎక్కువ చేశాను, వేగం పెరిగింది కూడా. తప్పులు మాత్రం తగ్గలేదు. పైగా అవి కష్టమైన లెక్కల్లో రావడం లేదు. కష్టమైన వాటిని జాగ్రత్తగానే చేస్తున్నాను. 'ఇది మనకి వచ్చిందే' అని మొదలుపెట్టిన లెక్కలోనే పోతోంది.

అందుకని కొన్ని వారాలుగా ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. అందులో లెక్క మొత్తం రాయను. తప్పు జరిగిన ఆ ఒక్క లైను, దాని కింద సరైన లైను రాస్తాను, అంతే. అలా వరుసగా చూస్తుంటే, రకరకాల తప్పులనుకున్నవి నిజానికి మూడు నాలుగు రకాలే అని తెలిసింది.

అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది పాయింట్ జరపడం. Ksp = 3.2 × 10⁻¹¹, AB₂ రకం లవణం, సాల్యుబిలిటీ అడిగారు. 4s³ = Ksp అని రాశాను. 4తో భాగిస్తే 0.8 × 10⁻¹¹ వచ్చింది. దాన్ని 8 × 10⁻¹² గా రాయాలి, అప్పుడు క్యూబ్ రూట్ తేలిగ్గా 2 × 10⁻⁴ వచ్చేస్తుంది. నేను 8 × 10⁻¹⁰ అని రాశాను. 10 అనేది 3తో పోదు కాబట్టి అక్కడే అనుమానం రావాల్సింది. నేను ఆగకుండా 800 × 10⁻¹² చేసి, 800కి క్యూబ్ రూట్ ఉజ్జాయింపుగా 9.3 అని కష్టపడి తీసి, 9.3 × 10⁻⁴ కి దగ్గరగా ఉన్న ఆప్షన్ పెట్టాను. తప్పు లైను మీద అంత శ్రమ పెట్టాను కానీ వెనక్కి మాత్రం చూడలేదు.

అదే వారం ఫిజిక్స్‌లో 330 nm వేవ్‌లెంగ్త్ ఉన్న ఫోటాన్ ఎనర్జీ అడిగారు. 330 × 10⁻⁹ ని 3.3 × 10⁻⁷ గా రాయాలి. నేను 3.3 × 10⁻¹¹ రాశాను. జవాబు 6 × 10⁻¹⁹ J రావాల్సింది 6 × 10⁻¹⁵ J వచ్చింది. ఆ ఆప్షన్ కూడా అక్కడే ఉంది, అందుకే అనుమానం రాలేదు. ఈ రెండు లైన్లూ నోట్‌బుక్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే తప్పు. ముందున్న సంఖ్య పెద్దదైతే పవర్ తగ్గాలి, చిన్నదైతే పవర్ పెరగాలి. ఇది నాకు బాగా తెలుసు. 10⁵, 10⁸ లాంటి వాటి దగ్గర ఎప్పుడూ తప్పు చేయలేదు. పవర్ మైనస్‌లో ఉన్నప్పుడు మాత్రమే 'తగ్గడం' అంటే −11 నుంచి −12 కి వెళ్లాలా, −10 కి వెళ్లాలా అన్నది తొందరలో తిరగబడిపోతోంది. పెన్ను ఆపి ఆలోచిస్తే సరిగ్గానే చెప్తాను. ఆ ఆపడం టెస్టులో జరగడం లేదు.

రెండో రకం, ఒక లెక్క అలవాటు తర్వాతి లెక్కలోకి వచ్చేయడం. ఒక టెస్టులో ముందు కాన్‌కేవ్ మిర్రర్ లెక్క వచ్చింది, f = −20, u = −30, జవాబు v = −60 సెం.మీ. అది సరిగ్గానే చేశాను. రెండు ప్రశ్నల తర్వాత కాన్‌కేవ్ లెన్స్, అక్కడా అవే అంకెలు. లెన్స్‌కి 1/v − 1/u = 1/f కాబట్టి 1/v = −1/20 − 1/30, v = −12 సెం.మీ. రావాలి. నేను ఫార్ములా సరిగ్గానే రాసి, u ని అటువైపు తీసుకెళ్లేటప్పుడు మిర్రర్‌కి చేసినట్టే చేసి మళ్లీ −60 తెచ్చాను. కాన్‌కేవ్ లెన్స్‌కి నిజమైన వస్తువు పెడితే ఇమేజ్ ఎప్పుడూ లెన్స్‌కీ ఫోకస్‌కీ మధ్యలోనే పడుతుందని మీరు రే డయాగ్రామ్ గీయించి మరీ చెప్పారు. 20 లోపల ఉండాల్సింది 60 వస్తే కుదరదని ఆ బొమ్మ గుర్తొస్తే చాలు. లెక్క చేస్తున్నప్పుడు బొమ్మ గుర్తుకు రావడం లేదు మాస్టారూ, అంకెలే కనిపిస్తున్నాయి.

మూడోది యూనిట్లు. సెల్సియస్‌ని కెల్విన్‌లోకి మార్చడం ఇప్పుడు మర్చిపోవడం లేదు. కానీ ΔG = ΔH − TΔS లెక్కల్లో ΔH కిలోజౌళ్లలో, ΔS జౌళ్లలో ఇస్తున్నారు కదా. ΔH = −92 kJ, ΔS = −200 J/K, T = 300 K ఇస్తే, TΔS అంటే −60 kJ, కాబట్టి ΔG = −32 kJ. ఇందులో రెండు చోట్ల జారుతున్నాను. ఒకసారి 1000తో భాగించడం మర్చిపోతాను. ఇంకోసారి అది గుర్తుంచుకుని, మైనస్ మైనస్ ప్లస్ అవ్వాల్సిన చోట మైనస్‌గానే ఉంచి −152 తెస్తాను. ఒకదాని మీద దృష్టి పెడితే రెండోది తప్పించుకుంటోంది.

వ్యాసం ఇస్తే వ్యాసార్థం అనుకోవడం, 'ఎంత శాతం తగ్గింది' అని అడిగితే మిగిలింది ఎంతో పెట్టడం లాంటివి కూడా ఉన్నాయి. వాటికి ప్రశ్నలో ఆ మాట కింద గీత పెట్టడం మొదలుపెట్టాను, కొంచెం తగ్గాయి. గీత పనిచేసింది కాబట్టే మిగతా వాటికీ అలాంటిదేదో చేతితో చేసే పని ఉంటుందని నాకు ఆశ కలిగింది. 'జాగ్రత్తగా ఉండు' అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా ఉపయోగం లేకపోయింది. ఏ లైను దగ్గర, ఏం చేయాలో తెలిస్తే చేయగలను.

చెక్ చేసుకోవడం గురించి కూడా అడగాలి. చేసిన లెక్కని మళ్లీ పైనుంచి కిందికి చదువుతున్నాను. నా రాతే కాబట్టి కళ్లు అలా జారిపోతాయి, తప్పు లైను కూడా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. మళ్లీ మొదటినుంచి చేద్దామంటే టైం లేదు. 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. బయాలజీ 90 ప్రశ్నలు ఎంత త్వరగా ముగించినా ఫిజిక్స్, కెమిస్ట్రీ లెక్కలు రెండుసార్లు చేసేంత సమయం మిగలదు.

మాస్టారూ, మీరు పదో తరగతిలో లెక్క మొదలుపెట్టకముందే 'జవాబు సుమారుగా ఎంత ఉండొచ్చో చెప్పు' అని అడిగేవారు. అప్పుడు కారు వేగమో, నీళ్ల ఉష్ణోగ్రతో కాబట్టి చెప్పగలిగేదాన్ని. 10⁻¹⁹ జౌళ్లంటే ఎక్కువో తక్కువో నాకు ఎలా తెలుస్తుంది? ఆ ఫోటాన్ జవాబుని eV లోకి మార్చి చూస్తే సరైనది 3.75 eV, నాది 37,500 eV. కంటికి కనిపించే కాంతి దాదాపు 2 నుంచి 3 eV ఉంటుందని చదివాను కాబట్టి, దానికి కాస్త అవతల ఉండే 330 nm కి అంత రాదని అప్పుడు అర్థమైంది. ఇలా ఒక్కో చాప్టర్‌కీ మామూలుగా వచ్చే విలువలు కొన్ని గుర్తుపెట్టుకోవాలా? అయితే ఏవి పెట్టుకోవాలో మీరు చెప్పాలి. ఇది నేర్చుకుంటే చాలా తప్పులు వాటంతట అవే బయటపడతాయని నాకు గట్టిగా అనిపిస్తోంది.

రఫ్ వర్క్ విషయంలో కూడా మీ మాట కావాలి. కాగితాలు చూస్తే మీకే తెలుస్తుంది, ఖాళీ ఉన్న చోటల్లా రాస్తాను. 6 రాస్తే ఒక్కోసారి 0 లా కనిపిస్తుంది. లైను కింద లైను రాస్తే చోటు సరిపోదేమోనని భయం. పవర్స్ అన్నీ ఒక పక్కకి, అంకెలన్నీ ఇంకో పక్కకి విడదీసి చేస్తే మంచిదని నా రూమ్‌మేట్ అంటోంది. అలా చేస్తే పవర్లు సరిపోతున్నాయి కానీ మైనస్ గుర్తు రెండింటి మధ్యలో ఎక్కడో వదిలేస్తున్నాను. ఇది అలవాటయ్యేదాకా పట్టుదలగా చేయమంటారా, లేక నాకు వేరే పద్ధతి చెప్తారా? ఇప్పుడు కొత్త పద్ధతి మొదలుపెడితే వేగం పడిపోతుందని టెన్షన్‌గా ఉంది. కానీ మే నెలలో పరీక్ష దాకా ఈ తప్పులతోనే వెళ్లాలంటే ఇంకా భయంగా ఉంది. కొన్నాళ్లు మార్కులు తగ్గినా ఫర్వాలేదంటే, మీరు చెప్పినట్టే చేస్తాను.

ఇంకొక్కటి. రోజుకి ఎక్కువ లెక్కలు చేయడం మేలా, లేక తక్కువ చేసి ప్రతి లైనూ చూసుకోవడం మేలా? ఇక్కడ అందరూ సంఖ్యే చెప్తున్నారు. నాకు మాత్రం తప్పు లైన్‌తోనే వేగం నేర్చుకుంటున్నానేమో అనిపిస్తోంది.

దసరా సెలవులకి ఇంటికి వస్తాను. మీకు వీలైతే ఒక సాయంత్రం మీ ఎదురుగా కూర్చుని లెక్కలు చేస్తాను. మీరు మధ్యలో ఏమీ చెప్పకుండా, నా పెన్ను ఎక్కడ తొందరపడుతుందో చూడండి చాలు. ఈ లోపు మొదలుపెట్టాల్సింది ఏదైనా ఉంటే, కాగితం మీద రెండు మాటలు రాసి నాన్నగారికి ఇవ్వండి. వచ్చే ఆదివారం ఆయన మళ్లీ వస్తారు. అన్నీ ఒకేసారి కాకపోయినా, ముందుగా ఆ మైనస్ పవర్ల సంగతి చెప్పండి. ఎక్కువ మార్కులు అక్కడే పోతున్నాయి.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ విద్యార్థిని
శ్రావణి
సీనియర్ ఇంటర్, బైపీసీ