డ్యూటీ మారేటప్పుడు మంచం దగ్గరే హ్యాండోవర్: క్వాలిటీ కమిటీకి విన్నపం

గౌరవనీయులైన కమిటీ సభ్యులకు,

నేను సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జ్ నర్సుని. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లను అప్పగించే పద్ధతిని మార్చడానికి మీ అనుమతి అడుగుతున్నాను. అన్ని వార్డుల్లోనూ కాదు. ముందు మా వార్డులో, ఆరు వారాల పాటు.

ఇప్పుడు జరుగుతున్నది ముందు చెబుతాను. ఉదయం 8 గంటలకు నైట్ సిస్టర్లు దిగిపోవాలి, మార్నింగ్ సిస్టర్లు ఎక్కాలి. అందరం నర్సింగ్ స్టేషన్ దగ్గర నిలబడతాం. రాత్రంతా నిద్ర లేని మనిషి రిపోర్ట్ పుస్తకం చూస్తూ గబగబా చదువుతుంది: "నాలుగో బెడ్ బాగానే ఉన్నారు, ఐదో బెడ్ డ్రెయిన్ ఉంది, ఆరో బెడ్ ఈరోజు డిశ్చార్జ్." మధ్యలో ఫోన్ మోగుతుంది. ఒక అటెండెంట్ వచ్చి డ్రిప్ అయిపోయిందంటాడు. రౌండ్స్‌కి డాక్టర్‌గారు వస్తున్నారని ఎవరో అంటారు. మిగతా పది బెడ్లూ రెండు నిమిషాల్లో అయిపోతాయి. వింటున్నవాళ్లు తల ఊపుతారు. విన్నది సరిగ్గా విన్నారో లేదో ఎవరూ అడగరు. ఇది పదిహేను నిమిషాల పని అని మనం అనుకుంటాం కానీ, అసలు హ్యాండోవర్ ఆ తర్వాత మొదలవుతుంది. ఇంటికి వెళ్లి పడుకున్న నైట్ సిస్టర్‌కి పదింటికి ఫోన్: "ఆ పన్నెండో బెడ్ యాంటీబయాటిక్ ఇచ్చారా, చార్టులో సంతకం లేదు?"

దీనివల్ల ఏం జరగగలదో చెప్పడానికి వేరేవాళ్ల తప్పు వెతకనక్కర్లేదు, నా తప్పే ఉంది. కడుపు ఆపరేషన్ అయిన ఒక పేషెంట్‌కి రాత్రి డ్రెయిన్‌లో రక్తం ఎక్కువగా కనిపించింది. సర్జన్‌గారికి ఫోన్ చేశాను. హీమోగ్లోబిన్ రిపోర్ట్ వచ్చేదాకా హెపారిన్ ఆపమన్నారు. కేస్‌షీట్‌లో రాశాను. డ్రగ్ చార్టులో మాత్రం కొట్టేయలేదు, ఉదయం చేద్దామనుకున్నాను. ఉదయం హ్యాండోవర్‌లో డ్రెయిన్ సంగతి చెప్పాను, హెపారిన్ సంగతి చెప్పడం మరిచిపోయాను. మార్నింగ్ సిస్టర్ చార్టు ప్రకారమే ఇంజెక్షన్ సిద్ధం చేసుకుని బెడ్ దగ్గరికి వెళ్లింది. ఆమెను ఆపింది ఎవరో తెలుసా? పేషెంట్ కూతురు. "రాత్రి ఆ సిస్టర్‌గారు డాక్టర్‌గారితో ఫోన్లో మాట్లాడి ఇది ఆపేశారు కదండీ?" అందట.

ఆ అమ్మాయి ఆ సమయంలో ముఖం కడుక్కోవడానికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో కమిటీలోని డాక్టర్లకు నేను చెప్పక్కర్లేదు. నాకు మెమో ఇచ్చారు, ఇవ్వాల్సిందే. కానీ మెమో తర్వాత హ్యాండోవర్ పద్ధతి ఏమీ మారలేదు. నేను ఇప్పుడు జాగ్రత్తగా ఉన్నాను, అంతే. ఇరవై ఎనిమిది బెడ్ల భద్రత అలసిపోయిన ఒక మనిషి జ్ఞాపకశక్తి మీద నడుస్తోంది. రాత్రి విన్నది ఆ కూతురికి తెలుసు, డ్యూటీ తీసుకున్న సిస్టర్‌కి తెలియదు. నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతున్నది అదే.

మూడు నెలల తర్వాత ఇదే వార్డు ఎలా ఉంటుందో చెబుతాను. అదే ఉదయం, అదే పేషెంట్ అనుకోండి. దిగే సిస్టర్, ఎక్కే సిస్టర్ ఇద్దరూ బెడ్ దగ్గరే నిలబడి ఉంటారు. డ్రగ్ చార్టు ఇద్దరి మధ్య తెరిచి ఉంటుంది. నైట్ సిస్టర్ మొదటి మాటగా "ఈయన్ని గమనిస్తూ ఉండాలి" అంటుంది. తర్వాత రెండు వాక్యాల్లో కేసు. తర్వాత చేయాల్సిన పనులు: హీమోగ్లోబిన్ రిపోర్ట్ తెప్పించాలి, డ్రెయిన్ గంటగంటకూ కొలవాలి. తర్వాత ముఖ్యమైన మాట: "డ్రెయిన్ పెరిగినా, బీపీ పడినా రౌండ్స్ దాకా ఆగకుండా సర్జన్‌గారికి ఫోన్ చేయాలి. హెపారిన్ ఆపారు." చివర్లో ఎక్కే సిస్టర్ తను విన్నది తన మాటల్లో తిరిగి చెబుతుంది: "హెపారిన్ ఇవ్వకూడదు, రిపోర్ట్ వచ్చాక అడగాలి, డ్రెయిన్ గంటకోసారి." ఆ మాట అంటూనే చార్టు చూస్తుంది. హెపారిన్ గడి కొట్టేసి లేదని అక్కడే కనిపిస్తుంది. అక్కడికక్కడే దిద్దుతారు. కూతురు కూడా వింటూ ఉంటుంది, ఏదైనా తప్పితే ఆమే చెబుతుంది. పదింటికి ఎవరికీ ఫోన్ వెళ్లదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. పైన చెప్పిన ఐదు మెట్ల వరుసకు ఐ-పాస్ అని పేరు. అమెరికా, కెనడాల్లో తొమ్మిది ఆస్పత్రుల్లో పిల్లల విభాగాల రెసిడెంట్ డాక్టర్లకు దీన్ని నేర్పించి, ముందూ తర్వాతా లెక్కలు తీశారు. 2014 నవంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. 10,740 అడ్మిషన్లు చూశారు. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి, నివారించదగిన హాని 30 శాతం తగ్గింది. టైమ్ సంగతి అందరూ అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను: ఒక్కో పేషెంట్‌కి నోటిమాట హ్యాండోవర్ సగటున 2.4 నిమిషాల నుంచి 2.5 నిమిషాలయింది. అంటే దాదాపు అంతే.

నాకు అనుకూలంగా లేనివి కూడా చెప్పాలి. ఆ అధ్యయనం డాక్టర్ల మీద జరిగింది, నర్సుల మీద కాదు. తొమ్మిది చోట్లా ఒకేలా ఫలితం రాలేదు. ఆరు చోట్లే పొరపాట్లు చెప్పుకోదగ్గంతగా తగ్గాయి. ఇంకో సంగతి. అదే ఏడాది అదే జర్నల్‌లో కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన అధ్యయనం ఉంది. అక్కడ 101 ఆస్పత్రుల్లో ఆపరేషన్ థియేటర్ చెక్‌లిస్ట్‌ను అమల్లోకి తెచ్చారు. అంతకు ఐదేళ్ల ముందు, 2009లో, అలాంటి చెక్‌లిస్ట్‌తోనే ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని చూపించారు. ఒంటారియోలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకన్నదాని మీద వాదనలు చాలా ఉన్నాయి. నాకు అర్థమైంది ఇది: ఫారం పంచి, సర్క్యులర్ పంపి, టిక్కులు లెక్కపెడితే పని జరిగినట్టు కనిపిస్తుంది, జరగదు. అందుకే కమిటీ ఈ ప్రతిపాదనను "రేపటి నుంచి అన్ని వార్డుల్లో ఐ-పాస్ ఫారం నింపాలి" అని ఆర్డర్ వేసేటట్టయితే, దయచేసి వేయకండి. నింపాల్సిన కాగితాలు మాకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ఇప్పుడున్న చోటు నుంచి అక్కడికి ఎలా వెళ్లాలనుకుంటున్నానో చెబుతాను.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చం, లెక్క మాత్రం పెడతాం. దిగిపోయిన సిస్టర్లకు రోజుకు ఎన్ని ఫోన్లు వెళ్తున్నాయి, డ్రగ్ చార్టుకీ ఆర్డర్‌కీ ఎన్నిసార్లు తేడా ఉంది, ఈ రెండే. స్టేషన్‌లో ఒక నోట్‌బుక్‌లో గీతలు గీస్తాం. పేర్లు రాయం. పేర్లు రాస్తే గీతలు ఆగిపోతాయి, మీకూ తెలుసు. అదే సమయంలో వార్డు సిస్టర్లకు ముగ్గురు నలుగురు చొప్పున గంటసేపు శిక్షణ. బోర్డు మీద పాఠం కాదు. బెడ్ దగ్గర నిజమైన కేసులతో, ఒకరు ఇవ్వడం, ఒకరు తీసుకోవడం.

తర్వాత ఆరు వారాలు అసలు పని. ఒక్కో సిస్టర్‌కి పద్నాలుగు మంది పేషెంట్లు ఉంటారు. అందరికీ రెండున్నర నిమిషాలంటే 35 నిమిషాలవుతుంది, అది మన దగ్గర నడవదు. కాబట్టి పరిస్థితి బాగోలేనివాళ్లకు నాలుగు నిమిషాల దాకా, నిలకడగా ఉన్నవాళ్లకు ఒక నిమిషం. మామూలు రోజున ముగ్గురికి నాలుగు చొప్పున, పదకొండు మందికి ఒకటి చొప్పున లెక్కేస్తే 23 నిమిషాలు. ఇప్పటికన్నా ఎక్కువే, దాచను. ఆ టైమ్‌లో కాల్ బెల్స్ ఒక ఆయా, ఒక సిస్టర్ చూసుకుంటారు.

ఒక్క విషయంలో రాజీ పడొద్దని నా మనవి: చివరి మెట్టు, విన్నవాళ్లు తిరిగి చెప్పడం. తొందరలో అందరూ మొదట వదిలేసేది అదే. సీనియర్ సిస్టర్లకు అది పరీక్ష పెట్టినట్టు అనిపిస్తుంది కూడా. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. మిగతా నాలుగూ సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు, ఇది ఒక్కటి జరిగితే హెపారిన్ లాంటి తప్పు అక్కడే ఆగుతుంది.

పేషెంట్ ముందు చెప్పకూడనివి ఉంటాయి. పక్క బెడ్‌కి వినపడకూడని రిపోర్టులు, ఇంకా ఇంట్లోవాళ్లకు చెప్పని క్యాన్సర్ విషయం. అవి స్టేషన్‌లోనే చెప్పుకుంటాం. మంచం దగ్గర చెప్పేవి మందులు, గొట్టాలు, చేయాల్సిన పనులు మాత్రమే.

కమిటీ నుంచి నాకు కావలసినవి మూడు. మొదటిది, ఎక్కే సిస్టర్లు పదిహేను నిమిషాలు ముందు రావడాన్ని డ్యూటీగా లెక్కించడం. నెలకు 24 డ్యూటీలనుకుంటే ఆరు గంటలవుతుంది, అంటే ఒక పగటి డ్యూటీ. ఆ మేరకు ఒక ఆఫ్ ఇస్తే చాలు. ఇది ఇవ్వకుండా మొదలుపెడితే రెండో వారానికల్లా అందరం మళ్లీ స్టేషన్‌లో ఉంటాం. రెండోది, హ్యాండోవర్ జరిగే అరగంట రౌండ్స్ మొదలుపెట్టకుండా సర్జన్లకు కమిటీ చెప్పడం. నేను చెబితే వినరు, మీరు చెబితే వింటారు. మూడోది, నోట్‌బుక్‌లో గీతలు చూసి ఎవరికీ మెమో ఇవ్వబోమని లిఖితపూర్వకమైన మాట.

ఆరు వారాలయ్యాక ముందు గీసిన గీతలు, తర్వాత గీసినవి పక్కపక్కన పెట్టి మీ ముందుకు వస్తాను. ఫోన్లూ చార్టు తేడాలూ తగ్గకపోతే ఆ మాట నేనే చెప్పి, పాత పద్ధతికి వెళ్లిపోతాం. తగ్గితే రెండో వార్డు ఏదన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ సమావేశంలోనే నిర్ణయం తీసుకుంటే వచ్చే సోమవారం నుంచి నోట్‌బుక్ మొదలుపెడతాం. నోట్‌బుక్ కొనేశాను.

ఇట్లు,
ఇన్‌ఛార్జ్ నర్సు, సర్జికల్ వార్డు