మాటల లెక్కలు: మూడో తరగతి వర్క్‌షీట్, చేసే పద్ధతితో సహా

పెన్సిలు, రబ్బరు, ఒక చిత్తుకాగితం దగ్గర పెట్టుకో. ఈ వర్క్‌షీట్‌లో ఎనిమిది లెక్కలున్నాయి. అంకెలు కనపడగానే కూడెయ్యకు. ముందు లెక్కను రెండుసార్లు చదువు. మొదటిసారి అంకెల్ని పట్టించుకోకు. అక్కడ ఎవరున్నారు, ఏం జరిగింది, వస్తువులు పెరిగాయా తగ్గాయా అన్నది మాత్రం చూడు. రెండోసారి చదివేటప్పుడు ప్రశ్న కింద ఒక గీత గియ్యి. ఆ తర్వాతే పెన్సిలుకు పని.

1. చెట్టు మీద 27 పిట్టలున్నాయి. ఇంకో 15 పిట్టలు వచ్చి వాలాయి. ఇప్పుడు చెట్టు మీద మొత్తం ఎన్ని పిట్టలున్నాయి?

ఏం జరిగింది? ఉన్న పిట్టల దగ్గరికి ఇంకొన్ని వచ్చాయి. ఒక్కటీ ఎగిరిపోలేదు. అంటే పిట్టలు పెరిగాయి. కాబట్టి కూడాలి.

ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వచ్చేలా రాసుకో.

```
  27
+ 15
----
  42
```

ముందు ఒకట్లు: 7, 5 కలిపితే 12. పన్నెండంటే ఒక పది, రెండు ఒకట్లు. 2 కింద రాసి, ఆ పదిని పదుల వరస పైన చిన్నగా 1 అని రాసుకో. ఇప్పుడు పదులు: 2, 1 కలిపితే 3. పైన రాసుకున్న 1 కూడా కలిపితే 4.

జవాబు: 42 పిట్టలు.

ఉత్త 42 అని రాసి వదిలెయ్యకు. 42 ఏమిటి? పిట్టలా, కొమ్మలా? పక్కన ఆ మాట కూడా రాయాలి.

2. ఒక కథల పుస్తకంలో 84 పేజీలున్నాయి. ఒక అమ్మాయి 36 పేజీలు చదివింది. ఇంకా ఎన్ని పేజీలు చదవాలి?

మొత్తం తెలుసు, చదివినవి తెలుసు. మిగిలినవి కావాలి. మొత్తంలోంచి చదివినవి తీసేస్తే మిగిలినవి వస్తాయి. ఇది తీసివేత.

```
  84
- 36
----
  48
```

ఒకట్ల దగ్గర 4లోంచి 6 తియ్యాలి. నాలుగే ఉంటే ఆరు ఎలా తీస్తాం? కుదరదు. అందుకని పక్కనున్న పదుల దగ్గర ఒక పది అప్పు తెచ్చుకుందాం. అక్కడ 8 పదులుండేవి, ఇప్పుడు 7 మిగిలాయి. 8ని కొట్టేసి పైన 7 రాయి. తెచ్చుకున్న పదిని 4కి కలిపితే 14 అయింది. 14లోంచి 6 తీస్తే 8. ఇక పదులు: 7లోంచి 3 తీస్తే 4.

జవాబు: 48 పేజీలు.

చాలామంది పిల్లలు ఇక్కడ 52 అని రాస్తారు. 4లోంచి 6 పోవడం లేదని తిరగేసి, 6లోంచి 4 తీసేస్తారు. నీది సరైందో కాదో ఎవరినీ అడక్కుండా నువ్వే తెలుసుకోవచ్చు. చదివిన పేజీలు, మిగిలిన పేజీలు కలిపితే పుస్తకం మొత్తం రావాలి కదా! 48, 36 కలిపి చూడు: 84 వచ్చింది. సరిపోయింది. అదే 52, 36 కలిపితే 88 వస్తుంది. పుస్తకంలో లేని నాలుగు పేజీలు ఎక్కడ్నుంచి వచ్చాయి? అంటే 52 తప్పు.

3. అన్న దగ్గర 23 గోళీలున్నాయి. తమ్ముడి కంటే అన్న దగ్గర 8 గోళీలు ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని గోళీలున్నాయి?

ఇది కాస్త గడుసు లెక్క. “ఎక్కువ” అనే మాట చూడగానే చెయ్యి కూడిక వైపు పోతుంది. ఒక్క క్షణం ఆగు.

చిత్తుకాగితం మీద రెండు పొడుగాటి పట్టీలు, ఒకదాని కింద ఒకటి గియ్యి. ఎడమవైపు రెండూ ఒకే చోట మొదలవ్వాలి. ఒకటి అన్నది, ఒకటి తమ్ముడిది. ఏది పొడుగ్గా ఉండాలి? ఎక్కువ గోళీలు ఎవరి దగ్గరున్నాయో మళ్లీ చదువు. అన్న దగ్గర. కాబట్టి అన్న పట్టీ పొడుగు, తమ్ముడి పట్టీ పొట్టి. అన్న పట్టీ పక్కన 23 అని రాయి. తమ్ముడి పట్టీ అయిపోయాక అన్న పట్టీ ఎంత ముందుకొచ్చిందో, ఆ ముక్క మీద 8 అని రాయి.

ఇప్పుడు బొమ్మ చూడు. అన్న పట్టీలోంచి ఆ 8 ముక్కను కత్తిరించేస్తే, మిగిలింది సరిగ్గా తమ్ముడి పట్టీ అంత ఉంటుంది.

23 - 8 చేద్దాం. నిలువుగా రాయక్కర్లేదు, నోటితోనే అవుతుంది. 23లోంచి ముందు 3 తీస్తే 20. ఎనిమిదిలో మూడు అయిపోయాయి, ఇంకా 5 తియ్యాలి. 20లోంచి 5 తీస్తే 15.

జవాబు: తమ్ముడి దగ్గర 15 గోళీలు.

సరిచూద్దాం. 15కి 8 కలిపితే 23, అన్న గోళీలు వచ్చాయి. కూడి 31 అని రాసి ఉంటే, తమ్ముడి దగ్గర 31, అన్న దగ్గర 23 అయ్యేవి. అప్పుడు తమ్ముడి దగ్గరే ఎక్కువ! కథ తలకిందులైపోతుంది.

(పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు ఒక మాట: “మొత్తం అంటే కూడిక, ఎక్కువ అంటే కూడిక, తక్కువ అంటే తీసివేత” అని మాటల జాబితా బట్టీ పట్టించకండి. మొదట్లో నాలుగు లెక్కలకు పనికొచ్చి, ఇలాంటి చోట అది పిల్లల్ని ముంచుతుంది. బొమ్మ గీయించండి చాలు.)

4. ఒక పెట్టెలో 6 రంగు పెన్సిళ్లుంటాయి. 8 పెట్టెల్లో ఎన్ని పెన్సిళ్లుంటాయి?

ప్రతి పెట్టెలోనూ ఒకే లెక్క, 6. ఒక్కో పెట్టె తెరుస్తూ లెక్కపెట్టు: 6, 12, 18, 24, 30, 36, 42, 48. ఎనిమిది పెట్టెలూ అయిపోయాయి. ఆరో ఎక్కం వచ్చినవాళ్లు ఇంతసేపు లెక్కపెట్టక్కర్లేదు.

6 × 8 = 48. జవాబు: 48 పెన్సిళ్లు.

6, 8 కూడి 14 అని రాయబోయావా? మూడు పెట్టెలు తెరిచేసరికే 18 పెన్సిళ్లొచ్చాయి. ఎనిమిది పెట్టెల్లో 14 ఎలా ఉంటాయి?

5. 24 స్టిక్కర్లను నలుగురు పిల్లలు సమానంగా పంచుకున్నారు. ఒక్కొక్కరికి ఎన్ని వచ్చాయి?

సమానంగా పంచడమంటే భాగహారం. నాలుగో ఎక్కంలో 24 ఎక్కడుందో వెతుకు: 4 × 6 = 24. కాబట్టి 24 ÷ 4 = 6.

జవాబు: ఒక్కొక్కరికి 6 స్టిక్కర్లు.

6. విహారయాత్రకు 50 మంది పిల్లలు వెళ్తున్నారు. ఒక వ్యానులో 8 మంది పిల్లలు కూర్చోవచ్చు. అందరూ వెళ్లాలంటే ఎన్ని వ్యాన్లు కావాలి?

50ని ఎనిమిదేసి మంది గుంపులుగా చెయ్యాలి. ఎనిమిదో ఎక్కం చదువుతూ 50 దగ్గరికి వెళ్దాం: 8, 16, 24, 32, 40, 48. ఆ తర్వాత 56, అది 50 దాటిపోయింది. 48 దగ్గరే ఆగాలి. 48కి ఎన్ని ఎనిమిదులు? ఆరు. 50లోంచి 48 తీస్తే 2 మిగిలాయి.

50 ÷ 8: భాగఫలం 6, శేషం 2.

మరి జవాబు 6 వ్యాన్లా? లెక్కలోంచి బయటికొచ్చి బడి గేటు దగ్గర నిలబడి చూడు. ఆరు వ్యాన్లు నిండిపోయాయి. ఇద్దరు పిల్లలు సంచులు తగిలించుకుని ఇంకా కిందే ఉన్నారు. వాళ్లను వదిలేసి వెళ్తామా? ఇద్దరే అయినా వాళ్లకోసం ఇంకో వ్యాను రావాల్సిందే. 6, 1 కలిపితే 7.

జవాబు: 7 వ్యాన్లు.

శేషం వచ్చిన ప్రతిసారీ ఒకటి కలపాలనుకోకు. ఇదిగో ఇంకో లెక్క: నీ దగ్గర 50 పూసలున్నాయి. ఒక్కో దండకు సరిగ్గా 8 పూసలు కావాలి. ఎన్ని పూర్తి దండలు చెయ్యగలవు? భాగహారం అదే, భాగఫలం 6, శేషం 2. కానీ మిగిలిన రెండు పూసలతో దండ పూర్తవదు. ఇక్కడ జవాబు 6 దండలు. శేషాన్ని ఏం చెయ్యాలో అంకెలు చెప్పవు, ప్రశ్నే చెబుతుంది. అందుకే దాని కింద గీత గియ్యమన్నాను.

7. తొమ్మిదేళ్ల అమ్మాయి దగ్గర 3 డబ్బాలున్నాయి. ఒక్కో డబ్బాలో 10 గుండీలున్నాయి. వాటిలో 7 గుండీలు పోయాయి. ఇంకా ఎన్ని మిగిలాయి?

ఇక్కడ పనికిరాని అంకె ఒకటి దూరింది. ఏది? ప్రశ్న గుండీల గురించి. అమ్మాయి వయసుతో గుండీలకు ఏ సంబంధమూ లేదు. “తొమ్మిదేళ్ల” అన్న మాటను సన్నగా కొట్టేయి.

ఒకేసారి జవాబు రాదు, రెండు మెట్లు ఎక్కాలి. మొదట ఎన్నుండేవి? 3 × 10 = 30. పోయినవి 7. 30 - 7 = 23.

జవాబు: 23 గుండీలు.

8. ఒక బస్సులో కొంతమంది ఉన్నారు. ఒక స్టాపులో 9 మంది దిగారు, 5 మంది ఎక్కారు. ఇప్పుడు బస్సులో 31 మంది ఉన్నారు. మొదట ఎంతమంది ఉన్నారు?

వర్క్‌షీట్‌లో నాకు బాగా నచ్చిన లెక్క ఇదే. మిగతా లెక్కల్లో మొదలు చెప్పి చివర అడిగారు. ఇందులో చివర చెప్పి మొదలు అడుగుతున్నారు. కాబట్టి మనం వెనక్కి నడవాలి.

ముందు జరిగింది జరిగినట్టు రాసుకో:

? → 9 మంది దిగారు → 5 మంది ఎక్కారు → 31

ఇప్పుడు 31 దగ్గర నిలబడి వెనక్కి రా. ఆఖరున ఏం జరిగింది? 5 మంది ఎక్కారు. వాళ్లు ఎక్కకముందు 5 మంది తక్కువుండాలి: 31 - 5 = 26. దానికి ముందు? 9 మంది దిగారు. వాళ్లింకా దిగకముందు బస్సులోనే ఉన్నారు, వాళ్లనూ కలపాలి: 26 + 9 = 35.

జవాబు: మొదట 35 మంది.

వెనక్కి వచ్చేటప్పుడు ఎక్కినవాళ్లను తీసేశాం, దిగినవాళ్లను కలిపాం. వింతగా ఉంది కదూ! నమ్మకం కుదరకపోతే బస్సును ముందుకు పోనివ్వు. 35 మందిలో 9 మంది దిగితే 26. 5 మంది ఎక్కితే 31. సరిగ్గా కుదిరింది.

ఇక నీ వంతు

అ. అక్క దగ్గర 34 స్టాంపులున్నాయి. చెల్లి దగ్గర అక్క కంటే 9 తక్కువ. చెల్లి దగ్గర ఎన్ని?

ఆ. చెల్లి దగ్గర 34 స్టాంపులున్నాయి. చెల్లి దగ్గర అక్క కంటే 9 తక్కువ. అక్క దగ్గర ఎన్ని? (పై లెక్కే అనుకుని జవాబు దించెయ్యకు. పట్టీలు గియ్యి.)

ఇ. 45 పుస్తకాలను అరల్లో సర్దాలి. ఒక అరలో 6 పుస్తకాలు పడతాయి. ఎన్ని అరలు కావాలి? ఆఖరి అరలో ఎన్ని పుస్తకాలుంటాయి?

మూడూ చేశాకే కింద చూడు.

అ. 25 స్టాంపులు. ఆ. 43 స్టాంపులు. ఇ. 8 అరలు, ఆఖరి అరలో 3 పుస్తకాలు.