చారెడు చాలు! (తెల్లంచు పౌడర్ పాట)

(ప్రచార ఆటోకీ, ఎఫ్.ఎం. రేడియోకీ. కోలాటం నడక, చప్పట్లు, డోలక్. "చారెడు" అన్నచోట డోలక్ ఆగిపోవాలి, ఆ ఒక్క మాటే వినపడాలి. పాడే అమ్మాయిలు సినిమా గొంతు పెట్టొద్దు. పనిలో పడి పాడుకునే గొంతు కావాలి, కాస్త ఆయాసం వినపడినా మంచిదే.)

(కుళాయి బుస్సుమన్న చప్పుడు, ఖాళీ బకెట్టు కింద పెట్టిన చప్పుడు)

మరదలు: వదినా, కుళాయొచ్చింది! కాసేపే ఉంటది, తొందరగా రా!

వదిన: ఇడ్లీ పొయ్యి మీదుంది, పాప జడ సగంలో ఉంది. ఇప్పుడు బట్టలెట్లా ఉతికేది అమ్మాయ్?

మరదలు: ఉతికేది తర్వాత. ముందు నానబెట్టు!

పల్లవి (అందరూ)
చారెడు చాలు, వదినా, చారెడు చాలు!
బకెట్టు నీళ్లకు తెల్లంచు చారెడు చాలు!
అరగంట నాననీ, ఈలోగా నీ పని కానీ,
మురికి సంగతేందో తెల్లంచును చూసుకోనీ!

చరణం 1 (వదిన)
పెన్న ఒడ్డున పొద్దు పొడిచె, పొయ్యి మీద పాలు పొంగె,
చిన్నదానికి రిబ్బనేదీ, పెద్దవాడికి బెల్టు ఏదీ!
టిఫిను డబ్బా మూత దొరికె, బడి బస్సు హారను మోగె,
తెల్లచొక్కా తీసి చూస్తే... అయ్యో, నిన్నటి పులుసు మరక!

(మరదలు)
మామిడి ముక్క వేసిన పులుసు, నెల్లూరోళ్ల చేపల పులుసు,
వేళ్లు నాకి చొక్కాకి తుడిచే వాడి సంగతి మనకి తెలుసు!
నట్టనడుమ కారం రంగు, చుట్టూరా నూనె జిడ్డు,
మరక మీద పొడి అద్దు, మునివేళ్లతో మెల్లగ రుద్దు,
బ్రష్షు వద్దు, బండ వద్దు, బాదుడు అసలే వద్దు!

(అందరూ)
చారెడు చాలు, వదినా, చారెడు చాలు!
బకెట్టు నీళ్లకు తెల్లంచు చారెడు చాలు!

చరణం 2 (అత్త. డోలక్ తగ్గాలి, చప్పట్లు మాత్రమే)
పొదిలి బోరు, కనిగిరి బోరు, నోట పోస్తే ఉప్పు నీరు,
సబ్బు అరిగె, చెయ్యి అరిగె, నురగ మాత్రం రానే రాదు!
బకెట్టు మీద తెల్లని తెట్టు, బట్టకంతా బూడిద పట్టు,
వెంకటగిరి నూలుచీర ఉతికిన కొద్దీ వెలిసినట్టు!

(పాట ఆగుతుంది)

మరదలు: అత్తా, తప్పు నీ చేతిది కాదు, నీళ్లది. నీళ్లలో సున్నం ఎక్కువుంటే సబ్బు దానితో కలిసి తెట్టయిపోద్ది. ఇంక బట్టకేం మిగులుద్ది? తెల్లంచు అట్లా తెట్టు కట్టదు. ఉప్పు నీళ్లలో కూడా మురికి వదిలిస్తది.

అత్త: మరి మా నీళ్లకి ఎంతెయ్యాలి?

మరదలు: చారెడు మీద ఒక చెంచాడు. ఉన్నమాట చెప్పాలి కదా!

(అందరూ)
చారెడు చాలు, అత్తా, చారెడు చాలు!
బోరు నీళ్లయితే చెంచాడెక్కువ, అంతే చాలు!
అరగంట నాననీ, నీ నడుం కాస్త వాలనీ,
మురికి సంగతేందో తెల్లంచును చూసుకోనీ!

చరణం 3 (ముగ్గురు మగవాళ్లు, ఒక్కొక్కరూ ఒక్కో పాదం. డోలక్ మళ్లీ జోరుగా)
చీమకుర్తి క్వారీ దిగి వచ్చానంటే ఒంటినిండా రాతిపొడి!
టంగుటూరులో పొగాకు రెలిచి వచ్చానంటే చొక్కానిండా జిగురు తడి!
రొయ్యల గుంట గట్టు దిగితే మోకాలి దాకా నల్ల బురద!

(ముగ్గురూ)
మా బట్టల్ని మేమే ఉతికితే మాకేం తక్కువ కాదు కదా!

(వదిన, మరదలు)
దులుపన్నా దులుపు, ముందు దుమ్మంతా దులుపు,
వట్టి నీళ్లలో ఒకసారి జాడించి బురద కడుగు,
ఆ తర్వాతే తెల్లంచు, ఆ తర్వాతే నానబెట్టు,
కాలరు మీద, కఫుల మీద కాస్త ఎక్కువ పట్టుపట్టు!

(మగవాళ్లు)
చారెడు చాలు, అన్నా, చారెడు చాలు!
బకెట్టు నీళ్లకు తెల్లంచు చారెడు చాలు!
అరగంట నాననీ, టీ గ్లాసు ఖాళీ కానీ,
మురికి సంగతేందో తెల్లంచును చూసుకోనీ!

చరణం 4 (కొత్త గొంతు, నర్సమ్మ. నెమ్మదిగా, అలసట తెలిసేలా)
పొగతోట ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, తెల్లారేసరికి కళ్లు మంట,
తెల్లకోటు మీద చుక్క, నెత్తుటి చుక్క ఎండెనంట!
వేడినీళ్లు పొయ్యకమ్మా, పోస్తే మరక పాతుకుపోద్ది,
చన్నీళ్లలో నానబెట్టు, నిద్ర లేచేసరికి వదిలిపోద్ది!

నర్సమ్మ: మరి పసుపు మరకో? పేరంటానికి వెళ్లొస్తే చీర కొంగుకి అంటింది. పౌడర్ వేయగానే ఎర్రగా అయిపోయింది! చీర పాడైందనుకుని గుండె జారిపోయింది వదినా.

వదిన: పాడవలేదమ్మా. పసుపుకి పౌడర్ తగిలితే ఎర్రబడటం దాని గుణం. రెండుసార్లు మంచి నీళ్లలో జాడించి, ఎండ తగిలేచోట ఆరెయ్యి. మిగిలిన పసుపుని ఎండే లాగేస్తది.

(అందరూ, మెల్లగా మొదలై పెరుగుతూ)
చారెడు చాలు, చెల్లీ, చారెడు చాలు!
బకెట్టు నీళ్లకు తెల్లంచు చారెడు చాలు!
అరగంట నాననీ, నీకో కునుకు పట్టనీ,
మురికి సంగతేందో తెల్లంచును చూసుకోనీ!

చరణం 5 (అందరూ కలిసి, పండగ హడావుడి)
రొట్టెల పండక్కి చుట్టాలొస్తే ఇల్లంతా దుప్పట్లే,
స్వర్ణాల చెరువు చూసొచ్చినాక దండెం నిండా తువ్వాళ్లే!
మిషనుంటే మిషన్లోకి, లేకుంటే పెద్ద తొట్టిలోకి,
ఒకరు నానబెట్టు, ఒకరు జాడించు, పిల్లలు పిండి దండేనికి!

(మాట, వెనక డోలక్)
10 రూపాయల ప్యాకెట్టు ఉంది, కిలో ప్యాకెట్టు ఉంది. మీ వీధి చివర అంగట్లో అడగండి, తెల్లంచు!

(మాట, నిదానంగా. దీన్ని పరుగెత్తించొద్దు, ఇదీ పాటంత ముఖ్యమే)
పట్టుచీరలకు, ఉన్ని బట్టలకు తెల్లంచు వాడకండి. కొత్త రంగు బట్టలు విడిగా నానబెట్టండి. ఉతికాక చేతులు మంచి నీళ్లతో కడుక్కోండి. ప్యాకెట్టు చిన్నపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

(చివరి పల్లవి, ఊరంతా పాడుతున్నట్టు)
చారెడు చాలు, వదినా! (చారెడు చాలు!)
చారెడు చాలు, అత్తా! (చారెడు చాలు!)
చారెడు చాలు, అన్నా! (చారెడు చాలు!)
బకెట్టు నీళ్లకు తెల్లంచు... (డోలక్ ఆగాలి) చారెడు చాలు!

రేడియోకి 20 సెకన్లు

(కుళాయి చప్పుడు)
వదిన: బస్సొచ్చే టైమైంది, చొక్కా మీదేమో పులుసు మరక!
మరదలు: నానబెట్టేసి రా వదినా, రేపటికి తళతళ!
(అందరూ)
చారెడు చాలు, వదినా, చారెడు చాలు!
బకెట్టు నీళ్లకు తెల్లంచు చారెడు చాలు!
అరగంట నాననీ, ఈలోగా నీ పని కానీ...
వదిన: (నవ్వుతూ, దూరం నుంచి) ఆగు బాబూ డ్రైవరూ, వస్తున్నాం!

రేడియోకి 10 సెకన్లు

అత్త: ఉప్పు నీళ్లమ్మా మావి, నురగే రాదు!
(అందరూ)
చారెడు చాలు, అత్తా, చారెడు చాలు!
అత్త: చెంచాడెక్కువ?
మరదలు: చెంచాడెక్కువ!
(అందరూ) తెల్లంచు!