డ్యూటీకి అర్హత లేఖ: స్పిన్నింగ్ విభాగం, టోకెన్ నంబరు 1147

మిల్లు ఆరోగ్య కేంద్రం
జూట్ మిల్లు, బొబ్బిలి, విజయనగరం జిల్లా
12 ఆగస్టు 2024, సోమవారం

ఫ్యాక్టరీ మేనేజరు గారికి
ప్రతులు: స్పిన్నింగ్ ఇన్‌చార్జికి, పర్సనల్ ఆఫీసుకు, కార్మికుడికి

అయ్యా,

టోకెన్ 1147, స్పిన్నింగ్‌లో డాఫరు, వయసు 46. జూన్ 24 నుంచి డ్యూటీలో లేరు. ఆగస్టు 9న ఆయన్ని ఇక్కడ పరీక్షించాను. మర్నాడు బి షిఫ్టులో సూపర్‌వైజరుతో కలిసి ఆయన పనిచేసే చోటు చూశాను. ఆయన ఆగస్టు 13 నుంచి పనిలో చేరవచ్చు, అయితే కింద రాసిన పరిమితులకు లోబడి మాత్రమే. ఈ పరిమితులు సెప్టెంబరు 22 వరకు వర్తిస్తాయి.

ఈ లేఖలో జబ్బు పేరు, వాడుతున్న మందులు, చికిత్స చేసిన ఆసుపత్రి వివరాలు లేవు. పని పంచడానికి అవి మీకు అవసరం లేదు. 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి ప్రవర్తన నియమాల ప్రకారం రోగి విషయాలు గోప్యంగా ఉంచడం నా బాధ్యత. ఇక్కడ రాసిన ప్రతి మాటా కార్మికుడికి చదివి వినిపించి, ఆయన ఒప్పుకొని సంతకం చేశాకే పంపుతున్నాను. ఏం జబ్బని షెడ్డులో ఆయన్ని ఎవరూ అడగకుండా చూడండి.

‘లైట్ డ్యూటీ’ అని కావాలనే రాయలేదు. ఆ మాటకి ఒక షిఫ్టులో కూర్చోబెట్టడమని అర్థం, మరో షిఫ్టులో ట్రాలీ తోయించడమని అర్థం. అందుకే ఏది ఎంతవరకు చేయగలరో కొలిచి రాస్తున్నాను.

నడక, నిలబడటం, మెట్లెక్కడం, చూపు, వినికిడి, మాట, ఆలోచన: వీటికి ఏ పరిమితీ లేదు. ఎడమ చెయ్యి పూర్తిగా పనికొస్తుంది, దానితో 8 కిలోల వరకు ఎత్తవచ్చు. పరిమితులన్నీ కుడి చేతికే, ఆయనది కుడిచేతి వాటం.

కుడి చేతి పట్టు మూడుసార్లు కొలిస్తే సగటు 14 కిలోలు వచ్చింది, ఎడమ చేతిది 31. కుడి చెయ్యి భుజం ఎత్తుకు మించి లేపే పని ఇవ్వకూడదు. రెండు చేతులతో, నడుం నుంచి ఛాతీ ఎత్తు మధ్యలో, 5 కిలోల వరకు గంటకు పదిసార్లకు మించకుండా ఎత్తవచ్చు. నేల మీద నుంచి బరువు ఎత్తకూడదు. కుడి మణికట్టు తిప్పుతూ చేసే పని ఏకబిగిన 20 నిమిషాలకు మించకూడదు, ఆ తర్వాత 10 నిమిషాలు వేరే పని ఇవ్వాలి. కుడి చేతితో గట్టిగా లాగడం, కత్తితో పోగు కోయడం వద్దు.

డాఫింగు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ ప్రమాదం అక్కడే. మీ కాటా మీద తూస్తే నిండు బాబిన్ 1 కిలో 200 గ్రాములుంది. బరువు చూస్తే ఇది చేయగలరనే అనిపిస్తుంది. కానీ నేను చూసిన డాఫింగులో ఒక్కో మనిషి వంతుకు 40 బాబిన్లు వచ్చాయి, అవి నాలుగు నిమిషాల్లో తీసేశారు. ఆపి ఉంచిన ఫ్రేము మీద ఈయనతో అదే వేగంతో తీయిస్తే పన్నెండో బాబిన్‌కి కుడి చేతి పట్టు జారింది. డాఫింగు జట్టుగా చేసే పని. ఒకరు వెనకబడినా మిగతావాళ్లు తమ వంతు ముగించి ఫ్రేము నడిపించేస్తారు, ఆయన చెయ్యి ఇంకా ఫ్లయర్ల మధ్యే ఉండిపోవచ్చు. కాబట్టి సెప్టెంబరు 22 వరకు డాఫింగు పూర్తిగా వద్దు, ‘నాలుగు బాబిన్లే కదా’ అని కూడా వద్దు.

ట్రాలీ తోయడమూ వద్దు. కొక్కెం కాటాతో లాగి చూశాను: నిండు ట్రాలీ కదలడానికి 16 కిలోల బలం పట్టింది. చక్రాల ఇరుసుకు జనపనార చుట్టుకుపోయిన మరో ట్రాలీకి 23 పట్టింది. ఆ నార కోసి తీసి నూనె వేయిస్తే మిగతా అందరి భుజాలకూ మేలు. వారానికోసారి ఆ పని చేసే బాధ్యత మెయింటెనెన్స్‌కి అప్పగించమని కోరుతున్నాను.

మొదటి రెండు వారాలు, ఆగస్టు 25 దాకా: మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 వరకు, ఖాళీ బాబిన్ల ఏరివేత బల్ల దగ్గర. బల్ల ఎత్తు 80 సెంటీమీటర్లు ఉంది, సరిపోతుంది. పెట్టెలు ఎత్తి బల్ల మీద పెట్టేది మరొకరు కావాలి. ఈ రెండు వారాలూ ఆయన కుడి చేతికి పట్టీ ఉంటుంది, కాబట్టి నడుస్తున్న ఏ మెషీన్‌కీ మీటరు లోపలికి వెళ్లకూడదు. పట్టీ కొస రోలర్‌లో చిక్కితే చెయ్యి కూడా దాని వెంటే పోతుంది.

ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 8 వరకు పూర్తి ఎనిమిది గంటలు, అదే బల్ల. పట్టీ తీసేశాక రోజుకు రెండు గంటల వరకు, ఒక ఫ్రేముకు ఒక్క వైపే, తెగిన పోగులు అతకవచ్చు. ఇరవై నిమిషాల నియమం దీనికీ వర్తిస్తుంది. స్టాప్ హ్యాండిల్ ఎడమ చేతితో లాగి ఫ్రేము ఆపగలరని నా ఎదుటే మూడుసార్లు చేసి చూపించారు. సెప్టెంబరు 9 నుంచి 22 వరకు పోగులు అతికే సమయం నాలుగు గంటలకు పెంచవచ్చు.

సెప్టెంబరు 7న వినాయక చవితి. పండక్కి మనుషులు తగ్గుతారు, బదిలీ వాళ్లు చాలరు. ఆ రెండు మూడు రోజులు ఈయన్ని డాఫింగులోకి లాగకుండా ఇన్‌చార్జి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

మంగళ, శుక్రవారాల్లో ఉదయం ఆయనకు అపాయింట్‌మెంట్లు ఉన్నాయి. అందుకే బి షిఫ్టు అడుగుతున్నాను. ఓవర్‌టైమ్ వద్దు. ఫైర్ స్క్వాడ్ జాబితా నుంచి పేరు తాత్కాలికంగా తీసేయండి: సిలిండర్ ఎత్తి గురిపెట్టాలంటే రెండు చేతులూ గట్టిగా పట్టాలి. మంటలు చెలరేగితే తనంతట తాను బయటికి నడిచి రావడానికి ఏ ఇబ్బందీ లేదు.

సూపర్‌వైజరు గమనించాల్సినవి: చేతిలోంచి వస్తువులు జారిపోవడం, కుడి చెయ్యి వేలాడేసి ఒక్క ఎడమ చేతితోనే పని లాగించడం, చెయ్యి చాచే బదులు ఒళ్లంతా తిప్పడం. వీటిలో ఏది కనిపించినా పని ఆపించి నా దగ్గరికి పంపండి. అడిగితే ‘బాగానే ఉంది’ అనే అంటారు, కూలి పోతుందన్న భయం ఉంటుంది. అలా పంపిన గంటలకు కూలి కోయవద్దని నా విజ్ఞప్తి.

ఈ పరిమితులకు తగ్గ పని ఏదో ఒక రోజు లేకపోతే, ‘పూర్తిగా ఫిట్ అయ్యాక రా’ అని గేటు దగ్గరే తిప్పి పంపకండి. అదే రోజు నాకు చెప్పండి, వైండింగ్‌లో, ఫినిషింగ్‌లో ఏం దొరుకుతుందో కలిసి చూద్దాం. ఈఎస్ఐ అనారోగ్య భత్యం ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులే. ఏడు వారాలు ఇప్పటికే గడిచాయి. ఈఎస్ఐ డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వేరు, దాన్ని ఆయన విడిగా పర్సనల్ ఆఫీసులో ఇస్తారు.

సెప్టెంబరు 23, సోమవారం ఉదయం 11 గంటలకు మళ్లీ చూస్తాను. పట్టు 22 కిలోలు దాటి, ఆపి ఉంచిన ఫ్రేము మీద 40 బాబిన్లు జారకుండా తీయగలిగితే డాఫింగుకు అనుమతిస్తాను. లేకపోతే కొత్త లేఖ రాస్తాను. ఆ లోపు ఈ పరిమితులు సడలించాల్సి వచ్చినా, బిగించాల్సి వచ్చినా నా రాతపూర్వక మాట తప్పనిసరి.

ఇట్లు,
(సంతకం)
ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసరు, ఎం.బి.బి.ఎస్., ఎ.ఎఫ్.ఐ.హెచ్.
ఇంటర్‌కమ్ 14

చదివి వినిపించగా విన్నాను, ఒప్పుకున్నాను. ఒక ప్రతి అందింది.
టోకెన్ 1147 (సంతకం), 12-08-2024